యాడ్లు అమ్మకాలు తెస్తున్నాయా, పేరు మాత్రం కొట్టేస్తున్నాయా? హోల్డవుట్ పరీక్షపై తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు దుకాణాలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్లు నడిపే పని నాది. పాత కస్టమర్లకే మళ్లీ చూపించే యాడ్ల మీద అవే సందేహాలు నెలకోసారైనా ఎవరో ఒకరు అడుగుతారు. ఫోనులో చెప్పింది ఫోనులోనే పోతోందని ఇక్కడ రాసి పెట్టాను. లెక్క అర్థం కావడానికి గుంటూరు బ్రాడీపేటలో ఒక మంగళగిరి చీరల దుకాణం ఉందనుకున్నాను. దుకాణమూ దాని అంకెలూ ఊహించినవే, లెక్క వేసే పద్ధతి మాత్రం నేను రోజూ వాడేది.

## మొదలుపెట్టక ముందు

స్క్రీన్ మీద 240 అమ్మకాలు యాడ్ వల్లే అని చూపిస్తోంది. ఇంకా పరీక్ష ఎందుకు?

ఆ అంకె చెప్పేది యాడ్ చూసినవాళ్లలో 240 మంది కొన్నారని. యాడ్ లేకపోతే వాళ్లలో ఎంతమంది కొనేవారు కాదో అది చెప్పదు. మెటా మామూలుగా పెట్టి ఉంచే అమరిక `7-day click, 1-day view`. యాడ్ నొక్కిన ఏడు రోజుల్లోపు కొన్నా, నొక్కకుండా కంటితో చూసి ఒక రోజులోపు కొన్నా ఆ అమ్మకం యాడ్ ఖాతాలో పడుతుంది.

ఒకసారి ఒక దుకాణంలో గల్లా పక్కన కూర్చుని, యాడ్ ఖాతాలో పడిన బిల్లులను యజమానితో కలిసి ఒక్కొక్కటిగా చూశాం. రెండో బిల్లు దగ్గరే ఆయన నవ్వారు. "ఈమె తెనాలి ఆవిడండీ, ఏటా వరలక్ష్మీ వ్రతానికి మా దగ్గరే కొంటారు. పోయిన వారమే ఫోను చేసి రంగు చెప్పి చీర పక్కన పెట్టించారు" అన్నారు. చీర తీసుకోవడానికి వచ్చే రోజు ఉదయం ఆవిడ ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ కనబడింది, సాయంత్రం బిల్లు పడింది. లెక్కలో అది యాడ్ తెచ్చిన అమ్మకం.

హోల్డవుట్ అంటే ఏమిటి? ఒక్క మాటలో చెప్పండి.

కస్టమర్ల జాబితాను చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు యాడ్ చూపి, రెండో గుంపుకు చూపకుండా ఆపి, చివరికి రెండింటి కొనుగోళ్లనూ బిల్లు పుస్తకం నుంచి లెక్కపెట్టడం. యాడ్ ఆపిన గుంపులోనూ కొంటారు, ఎందుకంటే దుకాణం, పండగ, అలవాటు వాళ్లకూ ఉన్నాయి. ఆ సంఖ్యకు పైన మొదటి గుంపులో ఎంత ఎక్కువ వచ్చిందో అదే యాడ్ నిజంగా తెచ్చింది.

యాడ్ చూసినవాళ్లను, చూడనివాళ్లను పోల్చితే సరిపోదా? చీటీలు తీయడం ఎందుకు?

సరిపోదు. యాడ్ ఎవరికి చూపాలో ప్లాట్‌ఫామ్ తనే ఎంచుకుంటుంది, కొనేటట్టున్నవాళ్లకే ముందు చూపుతుంది. మీరు అమ్మకాలు కావాలని అడిగారు, అది అడిగిన పనే చేస్తోంది. దానికి తోడు రోజూ ఫోను చూసేవాళ్లకే యాడ్ ఎక్కువ కనబడుతుంది. అందుకే చూసినవాళ్లు ఎప్పుడూ ఎక్కువే కొన్నట్టు కనిపిస్తారు, యాడ్‌లో ఖాళీ తెల్ల బొమ్మ పెట్టినా సరే.

మార్కెటింగ్ సైన్స్ పత్రికలో 2019లో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలో ఫేస్‌బుక్ మీద జరిగిన 15 పెద్ద ప్రయోగాల ఫలితాలను, చీటీలు తీయకుండా గణాంక పద్ధతులతో సరిదిద్ది వేసిన అంచనాలతో అందులో పోల్చారు. చాలాసార్లు ఆ అంచనాలు ప్రయోగ ఫలితానికి దూరంగా పోయాయి. వాళ్ల చేతిలో ఉన్నంత డేటా ఉండి కూడా కుదరని పని మన ఎక్సెల్ షీటులో కుదరదు.

యాడ్లు నెల రోజులు పూర్తిగా ఆపేసి చూస్తే తేలదా?

ఆషాఢంలో ఆపి శ్రావణంలో మొదలుపెడితే యాడ్ ఎంత బాగా పనిచేసిందో చెప్పనక్కరలేదు! నెలకూ నెలకూ పండగ, పెళ్లి ముహూర్తాలు, జీతాల తేదీ, ఎండ, వాన అన్నీ మారతాయి. పక్కదుకాణంలో సేల్ పెట్టినా మీ అంకె కదులుతుంది. రెండు గుంపులూ ఒకే రోజుల్లో నడిస్తే ఇవన్నీ రెండింటికీ సమానంగా తగులుతాయి.

ఆపి చూడటం బొత్తిగా పనికిరాదని కాదు. 2012లో ఆన్‌లైన్ అమ్మకాల సైటు ఈబే తన పేరుతో వెతికేవాళ్లకు చూపే వెతుకులాట యాడ్లను కొన్నిచోట్ల ఆపి చూసింది. పోయిన క్లిక్కులు దాదాపు అన్నీ ఉచిత లింకుల మీదుగా తిరిగి వచ్చేశాయి. అంత పెద్ద తేడా అయితే కంటికే కనబడుతుంది. చీరల దుకాణంలో తేడా అంత పెద్దగా ఉండదు.

మా దగ్గర రెండు వేల నంబర్లే ఉన్నాయి. చేయవచ్చా?

చేయవచ్చు గానీ ఏమీ తేలదు. గుంపుకు వెయ్యి మంది, ఆరు వారాల్లో నూటికి నలుగురు కొంటారనుకుందాం. యాడ్ ఆపిన గుంపులో 40 మంది కొంటే, యాడ్ గుంపులో కనీసం 60 మంది కొంటే తప్ప ఆ తేడాను నమ్మలేం, ఎందుకో లెక్క తేల్చేచోట చెబుతాను. పాత కస్టమర్ల కొనుగోళ్లను ఒకటిన్నర రెట్లు చేసే యాడ్ నాకింతవరకు తగల్లేదు.

బ్రాడీపేట దుకాణంలో రెండేళ్ల బిల్లుల నుంచి 24,000 నంబర్లు ఉన్నాయి. గుంపుకు 12,000. ఆపిన గుంపులో 480 మంది కొంటే, యాడ్ గుంపులో 544 దాటితే నమ్మవచ్చు. అంటే ఏడో వంతు పెరుగుదల ఉన్నా చాలు, పట్టుబడుతుంది. నంబర్లు తక్కువైతే కొనుగోళ్లు పోగయ్యేలా ఎక్కువ వారాలు నడపండి, లేదా ఆ శ్రమ మానేయండి.

సగం మందికి యాడ్ ఆపితే నాకు నష్టం కదా?

ఆపినవాళ్ల మీద యాడ్ ఖర్చు కూడా ఆగుతుందని మరచిపోతాం. గుంపుకు ₹30,000 ఖర్చు, ఒక్కో కొనుగోలుదారు మీద మిగిలేది ₹600 అనుకోండి. యాడ్ వల్ల 60 మంది ఎక్కువ వచ్చేవారే అయితే, ఆపిన గుంపులో పోయిన లాభం ₹36,000, మిగిలిన ఖర్చు ₹30,000. అసలు నష్టం ₹6,000. ఏడాది యాడ్ బడ్జెట్ సరైన చోట పడుతోందో లేదో తెలుసుకోవడానికి ఇది ఎక్కువ కాదని నా అభిప్రాయం. అయినా భయమైతే నూటికి ఇరవై మందినే ఆపండి, అప్పుడు తేడా తేలడానికి ఎక్కువ రోజులు పడుతుంది.

## గుంపులు విడదీసేటప్పుడు

నంబర్లను ఎలా విడదీయాలి? జాబితాలో పై సగం, కింది సగం చేస్తే సరిపోతుందా?

అలా చేయకండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే జాబితా తేదీల వరుసలో ఉంటుంది. పై సగంలో రెండేళ్ల కిందటివాళ్లు, కింది సగంలో మొన్న వచ్చినవాళ్లు పడతారు. నంబరు చివరి అంకె సరి, బేసి చూసి విడదీయడం కొంత నయం, కానీ ఫ్యాన్సీ నంబర్లు కొనుక్కునేవాళ్లు ఒకవైపు పోగవుతారు. వాళ్ల బిల్లులూ పెద్దవే.

ముందు నంబర్లను ఒకే తీరుకు తేవాలి. ఒకే మనిషి ఒకచోట 91తో, ఇంకోచోట సున్నాతో, మరోచోట ఏమీ లేకుండా ఉంటారు. చివరి పది అంకెలు తీసుకుని, రెండుసార్లు వచ్చినవి తొలగించాక చీటీ తీయండి.

```
=RIGHT(A2,10)
=IF(RAND()<0.5,"యాడ్","ఆపు")
```

రెండో సూత్రం ఇచ్చిన వరుసను వెంటనే కాపీ చేసి, విలువలు మాత్రమే అతికించండి. `RAND` షీటులో ఏ గడి కదిలినా మళ్లీ చీటీ తీస్తుంది. ఒకసారి నేనీ పని మరచిపోయాను. ప్లాట్‌ఫామ్‌లోకి ఎక్కించిన గుంపు ఒకటి, నెల తర్వాత షీటు తెరిస్తే కనబడిన గుంపు ఇంకొకటి. ఆ పరీక్ష మొత్తం చెత్తబుట్టలో వేశాను.

రెండు గుంపులూ నిజంగా సమానంగా ఉన్నాయని ఎలా తెలుస్తుంది?

యాడ్ మొదలవకముందే పాత బిల్లులతో సరిచూడండి. గడిచిన మూడు నెలల్లో ఒక్కో గుంపులో ఎంతమంది కొన్నారో, సగటు బిల్లు ఎంతో తీయండి. ఒకవైపు 700, ఇంకోవైపు 715 లాంటి తేడా మామూలే. 700, 850 వచ్చిందంటే చీటీ తీయడంలో ఎక్కడో పొరపాటు జరిగింది. టోకున కొనుక్కుని ఊళ్లలో అమ్ముకునేవాళ్ల నంబర్లను కూడా ముందే పక్కకు తీసేయండి. అలాంటివారు ఒక్కరు ఏ గుంపులో పడితే ఆ గుంపు సగటు పైకి లేచిపోతుంది.

ప్లాట్‌ఫామ్‌లో ఎక్కడ పెట్టాలి?

యాడ్ గుంపు, ఆపు గుంపు రెండింటినీ విడివిడిగా `Custom audience`లో `Customer list`గా ఎక్కించండి. నంబరు ముందు 91 ఉండాలి. జాబితా సిద్ధమైనట్టు చూపేదాకా ఆగండి. తర్వాత పాత కస్టమర్ల యాడ్‌ను యాడ్ గుంపుకే గురిపెట్టి, ఆపు గుంపును అదే యాడ్ సెట్లో మినహాయింపుల్లో పెట్టండి. కొత్తవాళ్ల కోసం నడిపే యాడ్లలో రెండు గుంపులనూ మినహాయించండి.

గురిపెట్టిన జాబితాను ప్లాట్‌ఫామ్ సూచనగా మాత్రమే తీసుకుని, దాటి బయటివాళ్లకు చూపే అమరికలు ఉన్నాయి. అది ఆపేసి ఉందో లేదో ప్రచురించే ముందు ఒకసారి చూడండి.

12,000 నంబర్లు ఎక్కిస్తే అందులో కొన్నే కలిశాయి. మిగతావాళ్లను లెక్క నుంచి తీసేయాలా?

తీసేయవద్దు. నంబర్లన్నీ ఫేస్‌బుక్ ఖాతాలతో కలవవు. బిల్లులో భర్త నంబరు ఉంటుంది, ఇన్‌స్టాగ్రామ్ భార్య వేరే నంబరుతో చూస్తుంది. ఎవరు కలిశారో మీకు పేర్లతో తెలియదు కాబట్టి ఒకవైపు నుంచి మాత్రమే వాళ్లను ఏరలేరు. చీటీలో ఎవరు ఏ గుంపులో పడ్డారో చివరిదాకా ఆ గుంపులోనే లెక్కపెట్టండి, యాడ్ కనబడినా కనబడకపోయినా. కలవని వాళ్ల వల్ల తేడా కాస్త పలచబడుతుంది, అంతేగానీ తప్పు వైపు పోదు.

కస్టమరు నంబర్లు ఇలా ఎక్కించవచ్చా? చట్టం ఒప్పుకుంటుందా?

నంబర్లు గుర్తుపట్టలేని సంకేతాలుగా మారి వెళతాయి. అయినా 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి మీద నిలబడింది. బిల్లు వేసేటప్పుడే ఈ నంబరును ఆఫర్లకు, ప్రకటనలకు వాడతామని చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. వద్దన్నవాళ్లను చీటీ తీయకముందే జాబితా నుంచి తీసేయండి.

మా దగ్గర నంబర్లే లేవు, ఊళ్లవారీగా చేయవచ్చా?

కొరియర్‌లో పచ్చళ్లు, కారం పంపేవారికి అదే దారి. కొన్ని జిల్లాల్లో యాడ్ నడిపి కొన్నింటిలో ఆపి, పార్సిళ్లను పిన్ కోడ్ ప్రకారం లెక్కపెట్టాలి. విజయవాడలో నడిపి గుంటూరులో ఆపుతామంటే మాత్రం నేను ఒప్పుకోను. రెండు ఊళ్ల మధ్య దూరం దాదాపు 35 కిలోమీటర్లే. ఇక్కడ ఉద్యోగం, అక్కడ ఇల్లు ఉన్నవాళ్లు వేలమంది. ఒక ప్రాంతానికి గురిపెట్టిన యాడ్ అక్కడ నివసించేవాళ్లకే కాక ఇటీవల అక్కడ ఉన్నవాళ్లకూ కనబడుతుంది. విజయవాడ జంక్షన్‌లో రైలు మారినవాళ్లు కూడా అందులోకి రావచ్చు. దూరంగా ఉన్న జిల్లాలను, వీలైతే ఒకటి కాదు నాలుగైదు చొప్పున, రెండువైపులా చీటీతో ఎంచుకోండి.

## పరీక్ష నడుస్తుండగా

బడ్జెట్ అలాగే ఉంచాలా?

సగం మందికే చూపుతున్నారు కాబట్టి సగం చేయాలి. ఇదివరకు 24,000 మందికి ₹60,000 పెడుతుంటే ఇప్పుడు 12,000 మందికి ₹30,000. పాత మొత్తమే ఉంచితే ఒక్కొక్కరికీ యాడ్ రెండింతలు కనబడుతుంది. అప్పుడు మీరు పరీక్షించేది మీ యాడ్‌ను కాదు, మీరెప్పుడూ నడపని వేరే యాడ్‌ను.

ఎన్ని రోజులు నడపాలి? పండగ రోజులు వదిలేయాలా?

చీరలకు నేను ఆరు వారాలు నడిపి, యాడ్ ఆపాక ఇంకో రెండు వారాల బిల్లులు కూడా కలుపుతాను. యాడ్ వల్ల కొందరు పది రోజుల తర్వాత కొనాల్సింది ముందే కొంటారు. ఆ కొనుగోలు పెరిగినట్టు కాదు, ముందుకు జరిగింది అంతే. తర్వాతి రెండు వారాల్లో యాడ్ గుంపు కాస్త తగ్గితే ఆ సంగతి బయటపడుతుంది. పండగను వదిలేయనక్కరలేదు, అమ్మకాలు ఎక్కువ ఉన్నప్పుడే తేడా తొందరగా తేలుతుంది. అయితే శ్రావణంలో వచ్చిన ఫలితం శ్రావణానిదే, మాఘమాసానికి దాన్ని అంటగట్టకండి.

పరీక్ష ఎలా చెడిపోతుంది?

ఎక్కువగా ఒక బొటనవేలి వల్ల. కౌంటరులో కుర్రవాడు కొత్త స్టాకు ఫొటో పెట్టి, బాగుంది కదా అని ఫోనులోనే ₹500తో `Boost post` నొక్కుతాడు. ఆ యాడ్‌కు మినహాయింపులు ఉండవు, ఆపిన గుంపుకూ కనబడుతుంది. దుకాణంలో ఎవరెవరి ఫోనులో పేజీ తెరుచుకుంటుందో ముందు వాళ్లందరికీ చెప్పండి. అన్నయ్య ఒక ఏజెన్సీతో, తమ్ముడు ఇంకో ఏజెన్సీతో రెండు యాడ్ ఖాతాలు నడిపే దుకాణాలు కూడా చూశాను.

వాట్సాప్‌లో ఆఫర్ పంపితే ఫరవాలేదు, రెండు గుంపులకూ పంపండి. యాడ్ లేదు కదా పాపం అని ఆపిన గుంపుకే పంపితే ఏది దేనివల్ల వచ్చిందో ఇక తేలదు. వారానికోసారి యాడ్ సెట్లు తెరిచి మినహాయింపు ఇంకా ఉందో లేదో చూడండి. యాడ్‌ను నకలు చేసినప్పుడు అది జారిపోవచ్చు.

రెండు వారాలకే యాడ్ గుంపు ముందుంది. ఆపేసి ఫలితం ప్రకటించవచ్చా?

వద్దు. తక్కువ బిల్లుల మీద అంకెలు అటూ ఇటూ ఊగుతాయి. ముందున్న రోజు చూసి ఆపేవాళ్లకు ఎప్పుడూ యాడ్ గెలిచినట్టే ఉంటుంది. మొదలుపెట్టే రోజే ముగింపు తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి ఉంచండి.

## లెక్క తేల్చేటప్పుడు

చివరికి లెక్క ఎలా వేయాలి?

బిల్లింగ్ నుంచి పరీక్ష రోజుల్లో కొన్నవాళ్ల నంబర్లు తీసి, ఎవరు ఏ గుంపో కలపండి. ఒకరు మూడుసార్లు కొన్నా ఒక్కరుగానే లెక్క. బ్రాడీపేట దుకాణంలో శ్రావణం పరీక్షలో యాడ్ గుంపులో 540 మంది, ఆపిన గుంపులో 480 మంది కొన్నారు. తేడా 60. ప్లాట్‌ఫామ్ మాత్రం 240 తన ఖాతాలో వేసుకుంది.

ఇప్పుడు 60 ఎంత గట్టి అంకె? యాడే లేకుండా రెండు గుంపులు చేసినా కొనుగోళ్లు అచ్చం సమానంగా రావు, నాణెం వందసార్లు ఎగరేస్తే సరిగ్గా యాభై బొమ్మలు పడనట్టే. గుంపులు సమానంగా ఉన్నప్పుడు పనికొచ్చే మోటు లెక్క ఇది: కొన్నవాళ్ల మొత్తానికి వర్గమూలం తీసి రెండింతలు చేయండి. ఇక్కడ మొత్తం 1,020, వర్గమూలం దాదాపు 32, రెండింతలు 64. అసలు తేడా 60కి 64 అటూ ఇటూ, అంటే 4 తక్కువ నుంచి 124 ఎక్కువ దాకా ఎక్కడైనా ఉండవచ్చు. సున్నా ఆ మధ్యలోనే ఉంది కాబట్టి యాడ్ అమ్మకం తెచ్చిందని ఈ ఒక్క పరీక్షతో చెప్పలేం. తీసుకురాలేదని కూడా చెప్పలేం.

తేలకపోతే ఏం చేయాలి?

మళ్లీ చీటీ తీసి ఇంకో విడత నడపండి. దసరాకు కొత్త గుంపులతో నడిపితే యాడ్ గుంపులో 704, ఆపిన గుంపులో 620 వచ్చాయనుకుందాం. ఈ విడత తేడా 84, శ్రావణంలో తేడా 60, కలిపితే 144. రెండు విడతల్లో కొన్నవాళ్లు మొత్తం 2,344 మంది, వర్గమూలం 48 పైచిలుకు, రెండింతలు 97. అసలు తేడా 47 నుంచి 241 మధ్య ఉంటుంది. ఇప్పుడు సున్నా బయటికి పోయింది. యాడ్ అమ్మకాలు తెస్తోంది. తెచ్చినవి ప్లాట్‌ఫామ్ రెండు విడతల్లో చెప్పుకున్న 530 మాత్రం కావు.

అమ్మకం తెస్తే లాభం వచ్చినట్టే కదా?

రెండూ వేరు. సగటు కొనుగోలు ₹2,400, అందులో నూటికి పాతిక మిగిలితే మనిషికి ₹600. రెండు విడతల ఖర్చు ₹60,000 తిరిగి రావాలంటే యాడ్ వల్లే వచ్చినవాళ్లు 100 మంది ఉండాలి. మన అంచనా 144, లాభమే. కానీ కింది అంచు 47, అక్కడ సగం డబ్బు పోయినట్టు. అమ్మకం తెస్తోందని నమ్మకంగా అంటాను. గిట్టుబాటు అవుతోందని అంటే అంత గట్టిగా అనను.

ఖర్చులో ఒక చిన్న మెలిక ఉంది. యాడ్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. మామూలు జీఎస్టీ కట్టేవాళ్లు దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తెచ్చుకోవచ్చు కాబట్టి కలపనక్కరలేదు. కంపోజిషన్ పథకంలో ఉంటే క్రెడిట్ రాదు, ₹60,000 కాస్తా ₹70,800 అవుతుంది. అప్పుడు 100 మంది కాదు, 118 మంది కావాలి.

## ఫలితం వచ్చాక

పాత కస్టమర్లకు యాడ్లు మానేయాలా?

ఒకేసారి మానేయనక్కరలేదు. అంచనా గిట్టుబాటుకు పైన ఉండి కింది అంచు దానికి కింద ఉంటే, నేనైతే బడ్జెట్ సగం చేసి మళ్లీ పరీక్షిస్తాను. ఒకే మనిషికి వారానికి ఐదుసార్లు కనబడే యాడ్ రెండుసార్లు కనబడినా వచ్చేవాళ్లు వస్తారేమో చూడాలి. ఆరు నెలలుగా రానివాళ్లకు, మొన్ననే వచ్చినవాళ్లకు విడిగా లెక్క తీయాలనిపిస్తుంది. తీయండి, కానీ ఏ ముక్క తీస్తారో పరీక్షకు ముందే రాసుకోండి. ఫలితం చూశాక పది ముక్కలు చేస్తే ఏదో ఒకటి బాగుండి తీరుతుంది.

కొత్త కస్టమర్ల యాడ్లకూ ఈ ఫలితమే వర్తిస్తుందా?

వర్తించదు. ఎలాగూ వచ్చేవాళ్లు ఎక్కువగా ఉండేది పాత జాబితాలో. మీ దుకాణం పేరే వినని మచిలీపట్నం కుటుంబం విషయం వేరు. అక్కడ ప్లాట్‌ఫామ్ చెప్పే అంకెకూ నిజానికీ దూరం ఎంతో ప్రాంతాలవారీగా పరీక్షిస్తేనే తెలుస్తుంది.

ఇక డ్యాష్‌బోర్డు చూడటం మానేయాలా?

చూడండి, కానీ తగ్గించి చదవండి. రెండు విడతల్లో ప్లాట్‌ఫామ్ 530 అంది, మన లెక్కకు 144 వచ్చాయి, అంటే నూటికి 27. వచ్చే నెల ఇదే జాబితాకు, ఇదే అమరికతో 200 చూపితే 54 అనుకుని లెక్క వేసుకోండి. మనిషికి ₹600 మిగిలితే అది ₹32,400. ఆ నెల ఖర్చు దీనికంటే ఎక్కువైతే, స్క్రీన్ మీద ఎంత పచ్చగా కనబడినా బడ్జెట్ పెంచను. 27 కూడా మోటు అంకే కాబట్టి, యాడ్ తీరు మారినా, అమరిక మార్చినా, ఏడాది గడిచినా మళ్లీ చీటీలు తీస్తాను.